ఆ గడిలో ఉన్నది ఎవరు? జనాభా లెక్కల పట్టికలతో ప్రాజెక్టు చేసేవాళ్ళ కోసం

పి.జి. ప్రాజెక్టు కోసం ఒక అమ్మాయి తన మండలంలోని ఊళ్ళ పట్టిక పట్టుకొచ్చింది. ఒక వరుస కింద ఎర్ర గీత గీసి ఉంది. "మేడమ్, ఈ ఊళ్ళో పనిచేసే ఆడవాళ్ళు 2001లో 18 శాతమే ఉన్నారు, 2011కి 45 శాతం అయ్యారు. నా ప్రాజెక్టుకి ఇదే మెయిన్ పాయింట్" అంది. చాలా సంతోషంగా ఉంది. కారణాలు కూడా రాసేసుకుంది: ఉపాధి హామీ పథకం, పొదుపు సంఘాలు, పత్తి సాగు.

నేను ఒక్కటే అడిగాను. "ఆ ఊళ్ళో లెక్కలు రాసింది ఎంతమందమ్మా?"

ఆ ప్రశ్న తనకు అర్థం కాలేదు. అర్థం కావడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో మేం చూసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను. లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా ఊరి అంకెల్ని కాస్త సర్ది ఇస్తున్నాను, వాటిని ఉదాహరణగానే తీసుకోండి. దేశం మొత్తానికి ఇచ్చిన అంకెలు మాత్రం జనాభా లెక్కల్లోవే.

ముందు ఆ ఫైలు సంగతి. మన దగ్గర విద్యార్థులు ఎక్కువగా వాడేది ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్, అందరూ పి.సి.ఎ. అనే పట్టిక. censusindia.gov.in లో ఎక్సెల్ ఫైలుగా దొరుకుతుంది. రాష్ట్రం నుంచి ఊరి దాకా, పట్నాల్లో అయితే వార్డు దాకా, ఒక్కో వరుసలో ఒక్కో చోటి వివరాలు ఉంటాయి. ఇళ్ళు, జనం, ఆరేళ్ళలోపు పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, చదవడం రాయడం వచ్చినవాళ్ళు, పనిచేసేవాళ్ళు, చేయనివాళ్ళు. అన్నీ మగ, ఆడ విడివిడిగా.

ఇందులో మొదట జరిగే పొరపాటు చాలా చిన్నది, కానీ ప్రాజెక్టు మొత్తాన్ని పాడుచేస్తుంది. ఒకే ఫైల్లో జిల్లా వరుస, మండలం వరుస, ఊరి వరుస ఒకదాని కింద ఒకటి ఉంటాయి. జిల్లాకే మళ్ళీ మొత్తం, గ్రామీణ, పట్టణ అని మూడు వరుసలు. నిలువు గడి మొత్తాన్ని కూడితే ఒకే మనిషి నాలుగైదు సార్లు లెక్కలోకి వస్తాడు. అందుకే పని మొదలుపెట్టే ముందు `Level` అనే గడిలో `VILLAGE` మాత్రమే ఉంచి ఫిల్టర్ చేయాలి. తర్వాత ఆ ఊళ్ళ జనాభాను కూడి, మండలం వరుసలోని గ్రామీణ జనాభాతో సరిచూసుకోవాలి. ఒక్క మనిషి తేడా వచ్చినా ఎక్కడో ఒక వరుస జారిపోయిందనే అర్థం. సున్నా జనాభా ఉన్న ఊళ్ళు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అవి బేచిరాకు గ్రామాలు. రెవెన్యూ రికార్డుల్లో ఊరి పేరు ఉంటుంది, ఇళ్ళు ఉండవు.

రెండో పొరపాటు దేంతో భాగించాలన్న దాంట్లో. అక్షరాస్యత ఉదాహరణ అందరికీ పనికొస్తుంది. జనాభా లెక్కల్లో అక్షరాస్యులంటే ఏడేళ్ళు, ఆపైన వయసుండి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవాళ్ళు. `P_ILL` అనే గడిని చూసి విద్యార్థులు "నిరక్షరాస్యులు" అని రాసేస్తారు. కానీ ఆ గడిలో ఆరేళ్ళలోపు పిల్లలు కూడా ఉన్నారు. నెలల బిడ్డ కూడా అందులో ఒకరే. కాబట్టి శాతం కట్టేటప్పుడు చిన్నపిల్లల్ని తీసేయాలి. కింది సూత్రంలో గడి పేర్ల చోట మీ ఫైల్లోని సెల్ చిరునామాలు పెట్టుకోండి:

```
=P_LIT/(TOT_P-P_06)*100
```

పని శాతానికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ జనాభా లెక్కల వాళ్ళే మొత్తం జనాభాతో భాగిస్తారు, పిల్లలూ ముసలివాళ్ళూ అందరితో కలిపి. అంటే పిల్లలు ఎక్కువున్న ఊళ్ళో పెద్దవాళ్ళంతా కష్టపడుతున్నా పని శాతం తక్కువే కనిపిస్తుంది. ఊరి పట్టికలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళు ఎంతమందో ఇవ్వరు. వయసులవారీగా పని వివరాలు కావాలంటే బి-సిరీస్ పట్టికలకు వెళ్ళాలి, అవి జిల్లా స్థాయిలో ఉంటాయి. మా అమ్మాయి ఊళ్ళో పిల్లల సంఖ్య పదేళ్ళలో కొంచెం తగ్గింది. ఆ తగ్గుదల వల్ల శాతం ఒకటి రెండు పాయింట్లు పెరగొచ్చు. 18 నుంచి 45 కి మాత్రం వెళ్ళదు.

అప్పుడు అసలు గడులు తెరిచాం. 2001లో ఊళ్ళో ఆడవాళ్ళు 300 మంది, పనిచేసేవాళ్ళు 54. వాళ్ళలో మెయిన్ వర్కర్లు 30, మార్జినల్ వర్కర్లు 24. 2011లో ఆడవాళ్ళు 320, పనిచేసేవాళ్ళు 144. అందులో మెయిన్ 40, మార్జినల్ 104. పెరిగింది 90 మంది. ఆ తొంభైలో ఎనభై మంది మార్జినల్ గడిలోనే ఉన్నారు.

ఈ రెండు మాటల అర్థం దగ్గరే విషయమంతా ఉంది. గడిచిన ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, అంతకు మించి పనిచేసినవాళ్ళు మెయిన్. అంతకంటే తక్కువ రోజులు పనిచేసినవాళ్ళు మార్జినల్. 2011లో మార్జినల్‌ను మళ్ళీ మూడు నుంచి ఆరు నెలలు, మూడు నెలల లోపు అని రెండుగా విడదీశారు. అసలు పని అంటే ఏమిటన్నది కూడా రాసి పెట్టారు. ఆర్థికంగా ఉత్పత్తి ఉండే ఏ పనైనా పనే, కూలి డబ్బు రాకపోయినా సరే. సొంత పొలంలో చేసే చాకిరీ లెక్కలోకి వస్తుంది. ఇంట్లో తాగడానికే పాడి పెట్టుకున్నా అది పనే. వంట, అంట్లు, పిల్లల్ని చూసుకోవడం, ఇంటికి నీళ్ళు మోయడం లెక్కలోకి రావు.

నిర్వచనం విశాలంగానే ఉంది. ఇబ్బందంతా దాన్ని గుమ్మం దగ్గర అడిగే తీరులో ఉంది. 2011లో జనాభా లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. ఇంటింటికీ వచ్చి లెక్కలు రాసే ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది బడి టీచర్లు, ఇలాంటి ప్రభుత్వ ఉద్యోగులే. ఒక్కో మనిషికి 29 ప్రశ్నలున్న ఫారం. ఇంటి పెద్ద అరుగు మీద కూర్చుని అందరి తరఫునా జవాబులు చెప్తాడు. "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే వచ్చే జవాబు మనందరికీ తెలుసు: "ఇంట్లోనే ఉంటుంది సార్." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గేదె దగ్గరో, మిరప తోటలోనో ఉండొచ్చు. జవాబు విన్న ఎన్యూమరేటర్ అక్కడితో ఆగిపోతే ఆవిడ పనిచేయనివాళ్ళ గడిలో, ఇంటిపని కింద పడుతుంది. "నాట్లకు వెళ్తుందా? కలుపుకు వెళ్తుందా? పాలు పితికేది ఎవరు?" అని మరో మూడు ప్రశ్నలు వేస్తే మార్జినల్ అవుతుంది. గేదె పని రోజూ ఉండేదే కదా అని నెలలు లెక్కకట్టే ఓపికున్న మనిషైతే మెయిన్ కూడా అవుతుంది. అదే మనిషి, అదే ఏడాది, అదే చాకిరీ. మూడు వేర్వేరు గడులు.

ఇది నా ఊహ కాదు. జనాభా లెక్కల చరిత్రలోనే ఇది కనిపిస్తుంది. 1961లో సాగు లాంటి సీజను పనుల్లో, సీజనులో ఎక్కువ భాగం రోజుకు గంటకు మించి క్రమంగా పనిచేస్తే చాలు, పనివాళ్ళ కింద రాసుకున్నారు. 1971లో ప్రశ్న మారి "ప్రధానంగా ఏం చేస్తారు" అయింది. పొలానికి వెళ్ళే ఆడవాళ్ళు కూడా ప్రధానంగా ఇంటిపని అని చెప్పారు, లేదా వాళ్ళ తరఫున అలా చెప్పారు. దేశంలో ఆడవాళ్ళ పని శాతం ఒక్కసారిగా సగానికి పడిపోయింది. పదేళ్ళలో ఇంతమంది ఆడవాళ్ళు పొలాలు వదిలి ఇంట్లో కూర్చోలేదు. 1991లో పని గురించి అడిగే ప్రశ్న పక్కనే "పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా" అనే అర్థం వచ్చే మాటలు ఫారంలోనే చేర్చారు. కాబట్టి 1961, 1971, 1991, 2011 అంకెల్ని ఒకే గీత మీద కలిపి గ్రాఫ్ గీస్తే, అందులో ఆడవాళ్ళ జీవితాలు ఎంత మారాయో, ప్రశ్న ఎంత మారిందో విడదీయలేం. 2001, 2011 మధ్య నిర్వచనం దాదాపు ఒకటే కాబట్టి ఆ రెంటినీ పోల్చడం కొంత నయం.

కొంత నయం అంటున్నాను, పూర్తిగా కాదు. ఎందుకంటే నేను మొదట అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. జనాభా లెక్కల్లో ఒక ఎన్యూమరేటర్‌కు ఇచ్చే బ్లాకులో దాదాపు ఆరు వందల నుంచి ఆరు వందల యాభై మంది ఉంటారు. మా అమ్మాయి ఊరి జనాభా ఆరు వందల నలభై చిల్లర. అంటే ఆ ఊరు మొత్తాన్ని రాసింది బహుశా ఒక్కరే. 2001లో ఒకరు, 2011లో ఇంకొకరు. మొదటి మనిషి గుమ్మం దగ్గర చెప్పింది రాసుకుని వెళ్ళి ఉండొచ్చు, రెండో మనిషి ఆరా తీసి ఉండొచ్చు. అప్పుడు 18 కి, 45 కి మధ్య తేడాలో ఊరి ఆడవాళ్ళు ఎంత, ఆ ఇద్దరు ఎన్యూమరేటర్లు ఎంత? పట్టిక ఒక్కటే చూసి చెప్పలేం.

అయినా అనుమానాన్ని బలపరుచుకునే దారులు పట్టికలోనే కొన్ని ఉన్నాయి. మొదటిది ఇరుగుపొరుగు ఊళ్ళు. అదే నేల, అదే పంట, అదే కూలి రేటు ఉన్న రెండు పక్క ఊళ్ళలో శాతం పెద్దగా కదలలేదు. నిజంగా పత్తి వల్ల పని పెరిగితే ఈ ఊళ్ళోనే పెరగడానికి కారణం ఉండాలి. రెండోది, పెరిగిన వాళ్ళు ఏ గడిలో చేరారన్నది. మెయిన్ పెద్దగా కదలకుండా మార్జినల్ ఒక్కటే ఉబ్బితే ప్రశ్న అడిగిన తీరు మారిందని అనుమానించాలి. మూడోది, మగవాళ్ళతో పోల్చి చూడడం. `MAIN_CL_M`, అంటే మెయిన్ వర్కర్లలో మగ సాగుదారులు, వందకు పైగా ఉండి `MAIN_CL_F` సున్నానో రెండో ఉంటే, ఆ ఊళ్ళో వంద సేద్యపు కుటుంబాల్లో దాదాపు ఏ ఆడమనిషీ ఏడాదిలో ఆరు నెలలు సొంత పొలంలో పనిచేయదని నమ్మాలి. మన పల్లెలు ఎరిగినవాళ్ళెవరూ అది నమ్మరు. అలాంటి సున్నా ఫారం నింపినవాళ్ళ అలవాటు గురించే ఎక్కువ చెప్తుంది.

అందుకే ఊరి అంకెను ఫలితంగా చూపించకుండా మండలం అంకె వాడమన్నాను. నలభై అయిదు వేల జనాభా ఉన్న మండలాన్ని రాయడానికి ఓ డెబ్బై మంది ఎన్యూమరేటర్లు కావాలి. ఒకరు ఎక్కువగా ఆరా తీస్తే మరొకరు తక్కువ తీస్తారు, ఆ తేడాలు కొంతవరకు సర్దుకుంటాయి. అయితే అందరిలోనూ ఒకేవైపు ఉండే మొగ్గు, అంటే ఆడవాళ్ళ పనిని తక్కువగా చూసే అలవాటు, ఎంతమందిని కలిపినా పోదు. డెబ్బై మంది కాదు, దేశమంతా కలిపినా పోదు. మరో సంగతి కూడా చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పల్లెల్లో ఆడవాళ్ళ పని శాతం 30. అదే ఏడాది మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే 68వ విడతలో 24.8. రెండూ ప్రభుత్వ లెక్కలే. అడిగే పద్ధతి, నిర్వచనం వేరు కాబట్టి అయిదు పాయింట్ల తేడా. ప్రాజెక్టులో ఒకదాన్నుంచి ఒక ఏడాది అంకె, ఇంకోదాన్నుంచి మరో ఏడాది అంకె తీసి పక్కపక్కన పెట్టడం ఎందుకు కూడదో ఈ తేడాయే చెప్తుంది.

ఇక పనిచేసేవాళ్ళను ఏ పనో చూసి విడదీసే గడులు. ఊరి పట్టికలో ఇవి నాలుగే: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళు, ఇతరులు. మన విద్యార్థులు మొదటి రెంటినీ కూడి "వ్యవసాయం" అని, మిగతా రెంటినీ కూడి "వ్యవసాయేతర రంగం" అని రాస్తారు. చాలా చోట్ల అది ఫరవాలేదు. కానీ నిర్వచనం చదివితే ఒక వాక్యం ఆపేస్తుంది. టీ, కాఫీ, రబ్బరు, కొబ్బరి, వక్క తోటల పని సాగు కిందికి రాదు. అది "ఇతరులు" గడిలోకి వెళ్తుంది. చేపలు పట్టడం, పశువులు మేపడం కూడా అక్కడికే.

ఈ సంగతి తెలియకుండా కోనసీమ మీద ప్రాజెక్టు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కొబ్బరి తోటలో దింపు తీసే మనిషి, తీరంలో వల లాగే మనిషి, ఊళ్ళో బడి టీచరు, బ్యాంకు ఉద్యోగి అందరూ ఒకే గడిలో ఉంటారు. ఆ గడి పెద్దదిగా కనిపించగానే "ఈ ఊళ్ళు వ్యవసాయం నుంచి బయటపడి సేవారంగానికి వెళ్తున్నాయి" అని రాస్తే, కొబ్బరి చెట్టెక్కే మనిషిని మనం ఆఫీసులో కూర్చోబెట్టినట్టు. తప్పు పట్టికది కాదు. "ఇతరులు" అనే మాటను మనం "ఆధునిక ఉద్యోగాలు" అని అనువదించుకున్నాం.

సాగుదారు గడిలోనూ అలాంటి చిక్కే ఉంది. పేరుకు పొలం ఉండి, దాన్ని కౌలుకు ఇచ్చేసి, అజమాయిషీ కూడా చేయని ఆసామి సాగుదారు కాదు. కౌలు రైతు సాగుదారే. కానీ సొంత రైతు ఎవరు, కౌలు రైతు ఎవరు అని విడదీసే గడి లేదు. ఎకరం సొంతంగా చేసుకుంటూ మిగతా రోజులు కూలికి వెళ్ళే మనిషికి రెండు గడుల్లో చోటు లేదు. ఏది ఎక్కువ రోజులు చేస్తే అందులోకే వెళ్తాడు. ఒక వానలేని ఏడాదిలో అతను కూలీ, మంచి వానలు పడ్డ ఏడాదిలో సాగుదారు. 2001లో దేశంలో సాగుదారులు 12.73 కోట్లు, 2011లో 11.88 కోట్లు. ఆ మధ్యలో వ్యవసాయ కూలీలు 10.68 కోట్ల నుంచి 14.43 కోట్లకు పెరిగారు. ఇది చిన్న మార్పు కాదు, మన పల్లెల్లో జరిగిన దానికి ఇది పెద్ద సాక్ష్యం. కానీ "85 లక్షల మంది రైతులు కూలీలుగా మారారు" అనే వాక్యం మాత్రం ఈ అంకెల్లోంచి రాదు. రెండు ఏడాదుల్లో లెక్కించిన రెండు గుంపులు ఇవి. ఎవరు ఏ గడిలోంచి ఏ గడిలోకి వెళ్ళారో, ఎవరు చనిపోయారో, ఎవరు కొత్తగా పనిలోకి వచ్చారో పట్టిక చెప్పదు. ఆ మాట అనాలంటే అదే మనుషుల్ని రెండుసార్లు కలిసి అడిగిన సర్వే కావాలి.

మా అమ్మాయి ప్రాజెక్టులో ఇంకో వాక్యం ఉంది. "ఈ మండలంలో ఎస్సీ జనాభా ఎక్కువున్న ఊళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువగా కూలికి వెళ్తున్నారు, కాబట్టి ఎస్సీ ఆడవాళ్ళు ఎక్కువగా కూలికి వెళ్తున్నారు." చదవడానికి రెండు సగాలూ ఒకటే అనిపిస్తాయి. కాదు. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు 300, వాళ్ళలో ఎస్సీలు 120, కూలికి వెళ్ళే ఆడవాళ్ళు 120 అనుకోండి. ఆ 120 మందీ ఎస్సీలే కావచ్చు. లేదా ఎస్సీ ఆడవాళ్ళలో 60 మంది, మిగతా కులాల్లో 60 మంది కావచ్చు. అసలు ఎస్సీలు ఒక్కరూ కాకపోవచ్చు కూడా. మూడు సందర్భాల్లోనూ ఊరి వరుసలో కనిపించే అంకెలు అవే. పి.సి.ఎ.లో ఒక్కో గడి విడిగా కూడిన మొత్తం, గడికీ గడికీ మధ్య మనుషుల్ని కలిపే దారం అందులో ఉండదు. ఊరి గురించి చెప్పిన మాటను మనిషికి అంటగట్టడం ఈ రకం డేటాలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, పరీక్షకులు కూడా దీన్ని చాలాసార్లు గమనించరు. ఎస్సీ, ఎస్టీలకు పని వివరాలతో విడిగా ఇచ్చిన పట్టికలు ఉన్నాయి. ఆ వాక్యం రాయాలంటే వాటిని తెరవాలి.

తెరిచినా, ఆ గడిలో ఎవరున్నారో మళ్ళీ అడగాలి. చట్టం ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్ళే ఎస్సీలుగా నమోదవుతారు. క్రైస్తవమని చెప్పిన దళిత కుటుంబం ఎస్సీ గడిలోకి రాదు. అదే పేటలో, అదే వీధిలో ఉన్న రెండిళ్ళు మతం ప్రశ్నకు చెప్పిన జవాబును బట్టి వేర్వేరు గడుల్లో పడొచ్చు. క్రైస్తవం బాగా ఉన్న జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. ఎస్సీ అంకెను "దళితుల సంఖ్య" అని రాయకండి, "ఎస్సీలుగా నమోదైనవారు" అని రాయండి. బీసీలకైతే 2011 పట్టికల్లో గడే లేదు. "మిగతావాళ్ళు" అనే పెద్ద రాశిలో వాళ్ళూ, ఓసీలూ, ఈ క్రైస్తవ దళితులూ కలిసిపోయారు. 2027లో జరగాల్సిన లెక్కల్లో కులం కూడా అడుగుతామని కేంద్రం ప్రకటించింది. అప్పటిదాకా మనకున్నది 2011దే.

2011 పట్టికల్లో మన రెండు రాష్ట్రాలు ఇంకా ఒక్కటే, 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్. ఇప్పుడు తెలంగాణలో 33 జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో జిల్లాలు మారాయి. "ములుగు జిల్లా 2011" అని వెతికితే దొరకదు. ఇప్పటి జిల్లాలో ఉన్న ఊళ్ళ జాబితా తీసుకుని, 2011 ఫైల్లో వాటి కోడ్‌లు పట్టుకుని, ఒక్కొక్కటే కూడుకోవాలి. పేరుతో వెతకకండి, కోడ్‌తోనే వెతకండి. కొత్తపల్లి, రామాపురం అనే పేర్లు ఒక్క జిల్లాలోనే ఎన్నో ఉంటాయి. ఇంకో సంగతి, ఈ పట్టికలో ఊరంటే రెవెన్యూ గ్రామం. పంచాయతీ కాదు, శివారు పల్లె కాదు, తండా కాదు. మీరు వెళ్ళి చూసిన తండాకు విడిగా వరుస ఉండదు, దాని జనం రెవెన్యూ గ్రామం వరుసలో కలిసి ఉంటారు.

2001లో పల్లెగా ఉండి 2011లో గ్రామీణ జాబితాలోంచి మాయమైన ఊళ్ళు కూడా ఎదురవుతాయి. చాలావరకు అవి సెన్సస్ టౌన్‌లు అయ్యాయి. మున్సిపాలిటీ లేకపోయినా, అయిదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, మగ మెయిన్ వర్కర్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే ఆ ఊరిని పట్టణంగా రాస్తారు. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉంటే 2011లో 3,894 అయ్యాయి. ఊరు పట్టణమా పల్లెటూరా అని తేల్చేటప్పుడు ఆడవాళ్ళ పనిని అసలు చూడరన్నది గమనించండి. పదేళ్ళ తేడా కట్టేటప్పుడు ఈ ఊళ్ళను రెండు ఏడాదులకూ ఒకే వైపు, అయితే పల్లెల్లో లేదంటే పట్టణాల్లో, ఉంచి లెక్కించాలి. లేకపోతే మండలంలో గ్రామీణ జనాభా తగ్గిపోయిందని రాస్తారు, నిజానికి ఒక పెద్ద ఊరికి బోర్డు మారి ఉంటుంది.

ఇదంతా అయ్యాక మా అమ్మాయి డీలా పడింది. "అయితే నా పాయింట్ పోయినట్టే కదా మేడమ్?" అంది. పోలేదు. మండలం మొత్తానికి లెక్క కట్టి చూస్తే ఆడవాళ్ళ పని శాతం కొంచెం పెరిగింది, అదీ వ్యవసాయ కూలి గడిలో. అది నిలబడే మాట. తన ఊరి వరుసను ప్రాజెక్టులోంచి తీసేయొద్దన్నాను. ఫలితాల అధ్యాయంలోంచి తీసి, డేటా పరిమితుల అధ్యాయంలో మొదటి ఉదాహరణగా పెట్టమన్నాను. తర్వాత తను ఆ ఊరికి వెళ్ళి ముప్పై ఇళ్ళలో ఆడవాళ్ళనే కూర్చోబెట్టి, నెలవారీగా ఏ పనికి ఎన్ని రోజులు వెళ్ళారో అడిగి రాసుకొచ్చింది. కిందటేడాది పనుల్ని అడిగిన ఆ ముప్పై ఇళ్ళతో 2011 నాటి ఎన్యూమరేటర్‌ను తప్పుపట్టలేం, అది తనూ ఒప్పుకుంది. కానీ "ఇంట్లోనే ఉంటాను" అని మాట మొదలుపెట్టిన మనిషి నెలలు లెక్కపెట్టుకుంటూ పోతే పని రోజులు ఎన్ని తేలతాయో తన నోట్‌బుక్కులో వరుసగా ఉంది.

చివరికి ప్రాజెక్టులో అచ్చయిన వాక్యం ఇది: "2001, 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మండలపు గ్రామీణ ప్రాంతంలో పనివారిగా నమోదైన స్త్రీల శాతం పెరిగింది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం ఆరు నెలల కంటే తక్కువ కాలం పనిచేసినట్టు నమోదైనవారిది. ఇందులో పని నిజంగా పెరిగినది ఎంత, ఇంతకుముందు నమోదు కాని పని ఇప్పుడు నమోదైనది ఎంత అన్నది ఈ పట్టికల నుంచి వేరు చేయలేము." వైవాలో బయటి పరీక్షకులు ఆ మూడో వాక్యం దగ్గరే ఆగి, "నమోదు కాని పని అంటే ఏంటమ్మా, చెప్పు" అన్నారు. తను నోట్‌బుక్కు తెరిచింది.